కొత్త మందులు సరే, ఆపినవేవి?

గుండె డాక్టరు రాసిన ఉత్తరం ఒకటి ముందు పెట్టుకుని చదువుదాం. గుంటూరులో కూర్చునే కార్డియాలజిస్టు, తెనాలి పక్క పల్లెలో ప్రాక్టీసు చేసే ఎంబీబీఎస్ డాక్టరుకు రాసింది. పేషెంటు 61 ఏళ్ళ రైతు. ఐదు నెలల కిందట గుండెపోటు వస్తే స్టెంటు వేశారు. ఇప్పుడు పొలం గట్టు ఎక్కితే ఆయాసం, పొద్దు వాలేసరికి కాళ్ళ వాపు. ఇది ఏ ఒక్క మనిషి కథా కాదు. ఇలాంటి పేషెంట్లలో తరచూ కనబడే సంగతులన్నీ కలిపి కట్టిన నమూనా. అసలు ఉత్తరం ఇంగ్లీషులో ఉంటుంది, సారాంశం తెలుగులో చెబుతాను.

మన దగ్గర ఇలాంటి ఉత్తరం రావడమే అరుదు. పేషెంటు చేతికి ప్లాస్టిక్ కవరు ఇస్తారు. అందులో టూడీ ఎకో రిపోర్టు, కొత్త మందుల చీటీ, రెండు మూడు బిల్లులు. ఏం వేసుకోవాలో చీటీ చెబుతుంది. ఇంట్లో డబ్బాలో ఉన్న పాత మాత్రల్లో ఏవి పక్కన పెట్టాలో మాత్రం చెప్పదు. అనర్థాలు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే.

ఉత్తరం ఎకోతో మొదలవుతుంది: "ఎడమ జఠరిక పెద్దదైంది. ముందు గోడ, కొస భాగం కదలడం లేదు. ఈఎఫ్ 32 శాతం. మైట్రల్ వాల్వు కొద్దిగా లీకవుతోంది. కొసలో రక్తం గడ్డ లేదు."

ఇంటిల్లిపాదీ పట్టుకునేది ఆ 32నే. "పంపింగ్ 32 శాతమేనట, మూడో వంతు గుండే పనిచేస్తోందట" అని ఊరంతా పాకుతుంది. లెక్క అది కాదు. రక్తంతో నిండినప్పుడు ఈ రైతు ఎడమ జఠరికలో 180 మిల్లీలీటర్లు పట్టాయి. ముడుచుకున్నాక ఇంకా 122 మిగిలాయి. బయటికి వెళ్ళింది 58. నూటఎనభైలో యాభై ఎనిమిది అంటే 32 శాతం. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో 110 పట్టి 66 వెళ్ళాయనుకోండి, అది 60 శాతం. ఒక్కో కొట్టుకుడుకు బయటికొచ్చే రక్తంలో తేడా ఎనిమిది మిల్లీలీటర్లే. వాల్వు లీకు వల్ల మన రైతుకు అందులోనూ కాస్త వెనక్కి పోతుంది, అది వేరే సంగతి. గుండెపోటుతో ముందు గోడ కండ చచ్చి మచ్చయింది. ఆ లోటు పూడ్చడానికి గుండె సాగి పెద్దదైంది. అందుకే కుర్చీలో కూర్చున్నంతసేపూ మనిషి బాగానే ఉంటాడు, గట్టెక్కితే ఆగిపోతాడు. అలా సాగుతూ పోవడమే అసలు జబ్బు. మందులన్నీ దాన్ని ఆపడానికీ, వీలైతే వెనక్కి మళ్ళించడానికీ.

ఇంకో మాట. ఎకోలో ఈఎఫ్ గీత గీసి కొలిచేది. గీసే చేయి మారితే అయిదారు పాయింట్లు అటూ ఇటూ అవుతుంది. నెల తరువాత ఇంకో సెంటర్లో 36 వచ్చిందని మందులు తగ్గించేయడం, 29 వచ్చిందని బెంబేలు పడటం రెండూ అనవసరం. "గడ్డ లేదు" అన్న ముక్కను చాలామంది చదవకుండా దాటేస్తారు. కదలని కొసలో రక్తం నిలిచి గడ్డ కట్టవచ్చు, అది ఊడి మెదడుకు వెళితే పక్షవాతం. గడ్డ ఉంటే రక్తం పలచబడే మందు మొదలుపెట్టాల్సి వచ్చేది. లేదు అని రాశారంటే దాని కోసం వెతికారు, దొరకలేదు అని.

ఇక మందులు. మంచి ఉత్తరంలో ఆపినవి ముందుంటాయి. ఈ ఉత్తరంలో మూడు ఆపారు.

మొదటిది రామిప్రిల్ 5. దాని స్థానంలో సాక్యుబిట్రిల్–వల్సార్టాన్ 50 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. ఇదే జబ్బులో పాత తరహా ఎనలాప్రిల్ కంటే ఈ కొత్త మందు మరణాలనూ, ఆస్పత్రి పాలవడాన్నీ తగ్గిస్తుందని 2014లో వచ్చిన పారడైమ్ హెచ్‌ఎఫ్ పరిశోధన తేల్చింది. ఎనలాప్రిల్, రామిప్రిల్ ఒకే తెగవి. చిక్కల్లా రెండూ కలిస్తేనే. ఒంట్లో బ్రాడికైనిన్ అనే పదార్థం పుడుతూ ఉంటుంది, దాన్ని విరిచేసే దారులు కొన్ని ఉన్నాయి. రామిప్రిల్ ఒక దారి మూస్తుంది, సాక్యుబిట్రిల్ ఇంకొకటి. రెండూ మూతపడితే అది పేరుకుని పెదవులు, నాలుక, గొంతు వాచిపోవచ్చు. గొంతు వాస్తే ఊపిరి ఆడదు. అందుకే ఉత్తరంలో గంటలతో సహా రాశారు: "ఆఖరి రామిప్రిల్ సోమవారం ఉదయం 8కి. కొత్తది మంగళవారం రాత్రి 8 దాటాకే." మధ్య 36 గంటల ఎడం.

ఈ వాక్యం లేకపోతే ఏమవుతుంది? నెలాఖరున కొడుకు పాత ఖాళీ షీటు తీసుకుని ఊళ్ళో మెడికల్ షాపుకు వెళతాడు. షాపతను పాతికేళ్ళ పరిచయస్థుడు, అడక్కుండానే ఇస్తాడు. "ఇది బీపీది, అది గుండెది" అనుకుని రెండూ వేసేసుకుంటారు. ఎవరూ తప్పు చేసినట్టు కనబడదు. ఫ్యామిలీ డాక్టరు చేతిలో ఉత్తరం ఉంటే మాత్రల సంచీ తెప్పించి, రామిప్రిల్ షీటు తీసి చెత్తబుట్టలో వేస్తాడు.

రెండోది షుగరు మాత్ర. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, పయోగ్లిటజోన్ మూడూ కలిపి ఒకే బిళ్ళగా మన దగ్గర విరివిగా అమ్ముతారు. పెట్టె మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో, లోపలున్నవి చీమ తలకాయంత. అందులోని పయోగ్లిటజోన్ ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెడుతుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు అది పనికిరాదు. ఈ రైతు కాళ్ళ వాపులో దాని వాటా ఎంతో చెప్పలేంగానీ, అది కొనసాగుతుండగా నీరు పోయే మందు పెంచుతూ పోవడం అర్థం లేని పని. మొదటి రెండే ఉన్న మాత్రకు మార్చారు. మూడోది మోకాళ్ళ నొప్పికి వాడే డైక్లోఫెనాక్. అదీ నీరు నిలుపుతుంది, పైగా కిడ్నీ మీద భారం. నొప్పి పట్టలేనప్పుడు పారసెటమాల్ చాలు.

ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ మారలేదు. మెటోప్రొలాల్ 25 దగ్గరే ఉంచారు. నీరు తగ్గక ముందు దాన్ని పెంచితే ఆయాసం ముదురుతుంది. టోర్సెమైడ్ 10 పొద్దున పూట కొత్తగా ఇచ్చారు. "ఇప్పుడు బరువు 71 కిలోలు. 68కి దిగితే టోర్సెమైడ్ సగం చేయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నాకు ఫోన్ చేయండి" అని పక్కనే ఉంది. చూశారా, ఫ్యామిలీ డాక్టరు ఏం చేయాలో అంకెల్లో ఉంది. "అవసరాన్ని బట్టి సరిచేయండి" అని రాసేవాళ్ళూ ఉన్నారు. ఆ మాట రాసినా రాయకపోయినా ఒకటే.

డపాగ్లిఫ్లోజిన్ 10 కూడా మొదలుపెట్టారు. షుగరుకు వచ్చిన మందే గానీ, గుండె బలహీనతలో షుగరు లేనివాళ్ళకూ మేలు చేస్తుందని 2019లో తేలింది. అది షుగరును మూత్రంలోకి పంపేస్తుంది కాబట్టి, ఊళ్ళో ల్యాబులో మూత్రపరీక్ష చేస్తే ఎప్పుడూ మూడు ప్లస్సులే వస్తాయి. మందు పనిచేస్తోందని దానర్థం. అది చూసి షుగరు మాత్ర డోసు పెంచితే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం. వాంతులు, విరేచనాలు పట్టి తిండి లోపలికి పోని రోజుల్లో డపాగ్లిఫ్లోజిన్ ఆపాలి.

చివరి కొత్త మందు స్పైరనోలాక్టోన్ 25. దశాబ్దాల పాతది, చవకైనది. తీవ్రమైన గుండె బలహీనత ఉన్నవాళ్ళలో మరణాలను 30 శాతం తగ్గించిందని రేల్స్ పరిశోధన 1999లో చెప్పాక డాక్టర్లు విరివిగా రాయడం మొదలుపెట్టారు. తరువాత జరిగింది కెనడాలోని ఒంటారియోలో లెక్కకట్టారు. గుండె బలహీనతతో ఆస్పత్రిలో ఉండి వచ్చి, రామిప్రిల్ తెగ మందులు వాడుతున్న వృద్ధుల్లో, పొటాషియం పెరిగి మళ్ళీ ఆస్పత్రికి వచ్చినవారు 1994లో వెయ్యికి 2.4 మంది. 2001 నాటికి 11 మంది. మందు అదే. పరిశోధనలో పేషెంట్లను ఏరి తీసుకున్నారు, రక్తం మళ్ళీ మళ్ళీ పరీక్షించారు. బయట అంత జాగ్రత్త నడవలేదు. పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు, ముందుగా మనిషికి ఏమీ తెలియకపోవచ్చు. రక్తపరీక్ష ఒక్కటే చెప్పగలదు.

అందుకే ఉత్తరంలో ఈ భాగం అన్నిటికంటే పొడుగు: "ఇవాళ పొటాషియం 4.4, క్రియాటినిన్ 1.2. వారానికి ఒకసారి, నెలకు ఇంకోసారి మీ దగ్గరే చూడండి. పొటాషియం 5.5 దాటితే స్పైరనోలాక్టోన్ సగం చేయండి, 6 దాటితే ఆపి పంపించండి. క్రియాటినిన్ కాస్త పెరగడం మామూలే, 1.5 దాకా కంగారు పడకండి. బీపీ పైది 100 ఉన్నా, లేచినప్పుడు కళ్ళు తిరగకపోతే ఏదీ ఆపవద్దు. రెండు వారాలకు బాగుంటే సాక్యుబిట్రిల్–వల్సార్టాన్ 100కి పెంచుదాం. మందులు పూర్తి డోసుకు చేరి మూడు నెలలయ్యాక మళ్ళీ ఎకో. అప్పటికీ 35 దాటకపోతే ఛాతీలో పెట్టే డీఫిబ్రిలేటరు గురించి మాట్లాడాలి."

బీపీ గురించిన వాక్యం కావాలని రాసిందే. నూటికి వచ్చిన బీపీ చూసి భయపడి మందులు ఆపేయడం, గుండె డాక్టర్లు తరచూ మొత్తుకునే సంగతి. వాళ్ళు ఆ మాట ముందే రాయకపోతే ఊళ్ళో డాక్టరును తప్పుపట్టి లాభం లేదు.

వారం తిరిగేసరికి పొటాషియం 5.7. ఫ్యామిలీ డాక్టరు మందు సగం చేసి, ఇంట్లో తిండి సంగతి ఆరా తీశాడు. ఉప్పు తగ్గించమన్నారని కోడలు బజారులో సోడియం తక్కువున్న ఉప్పు కొనుక్కొచ్చింది. అలాంటి ఉప్పులో సోడియం తీసి పొటాషియం క్లోరైడు కలుపుతారు. దానికి తోడు నీరసమని రోజూ రెండు కొబ్బరి బోండాలు, అవీ పొటాషియం నిండినవే. రెండూ మానిపించి, నాలుగో రోజున మళ్ళీ రక్తం తీయిస్తే 4.9. అదే కాగితం వెనకాల గుంటూరుకు జవాబు రాశాడు: "ఉప్పు మార్పించాను, బోండాలు మానిపించాను. స్పైరనోలాక్టోన్ 12.5 మీద ఉంది. బరువు 69, ఆయాసం తగ్గింది. 100కి పెంచమంటారా?" మరో రక్తపరీక్ష అయ్యేదాకా 50 మీదే ఉంచమని గుండె డాక్టరు చెప్పాడు.