యాప్ ఎవరిని అడుగుతోంది?

బస్సు టికెట్ కోసం యూపీఐ పిన్ కొడుతుంటే ‘మా యాప్ ఎలా ఉంది?’ అని పెట్టె అడ్డొస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. టికెట్ చేతికొచ్చాక అడిగితే ఒకటో రెండో నొక్కుతాం.

చిరాకు కంటికి కనిపిస్తుంది. కనిపించని తప్పు ఇంకొకటుంది. యాప్ తెరిచిన ప్రతిసారీ 5 శాతం అవకాశంతో సర్వే వచ్చేలా పెట్టారనుకోండి. నెలకు 30 సార్లు తెరిచేవారికి ఒక్కసారైనా అది ఎదురయ్యే అవకాశం దాదాపు 79 శాతం. ఒక్కసారే తెరిచేవారికి 5 శాతమే. అంటే జవాబుల్లో రోజువారీ ప్రయాణికుల గొంతే వినిపిస్తుంది. పండక్కి ఊరెళ్లేవాళ్లు లెక్కలోకే రారు.

అందుకే చీటీ తెరిచినప్పుడల్లా కాదు, ముందే ఖాతాల మీద తీయాలి. ఎంపికైనవారిని ఒకసారి అడిగి, వద్దన్నా సరే, మూడు నెలలు వదిలేయాలి. రేటింగ్ పెట్టెకైతే ఆపిల్ 365 రోజుల్లో మూడుసార్లే అనుమతిస్తుంది.

టికెట్ వచ్చాకే అడిగితే మరో చిక్కు: డబ్బు కట్టలేక మధ్యలో వదిలేసినవారు ఆ తెర దాకా రారు. ఎంపికైనవారిలో అలాంటివారిని మళ్లీ తెరిచినప్పుడు అడగాలి. అసలు ఫిర్యాదు వాళ్ల దగ్గరే ఉంటుంది.