ఉప్పు కంపెనీ హోటల్ పెడితే

అమీర్‌పేటలో ఒక హాస్టల్ గది. రాత్రి రెండు దాటింది. తెల్లారితే సీఏ ఫైనల్ పరీక్ష. గుంటూరు కుర్రాడు, వరంగల్ కుర్రాడు ఒకే లెక్క చేస్తే ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం తేలింది.

లెక్క చిన్నదే. అప్పుల్లేని ఒక ఉప్పు కంపెనీ 100 కోట్లు పెట్టి హోటల్ కొంటుంది. ఏడాది తిరిగేసరికి అన్నీ కలిపి 112 కోట్లు వస్తాయని అంచనా. కొనవచ్చా? ఏడాది తర్వాత వచ్చే డబ్బు ఇవాళ ఎంతకు సమానమో చూడాలి. అలా తగ్గించి చూసే రేటే డిస్కౌంట్ రేటు.

గుంటూరు కుర్రాడు కంపెనీ రేటు 10 శాతం తీసుకున్నాడు. 112ని 1.10తో భాగిస్తే 101.8 కోట్లు. పెట్టుబడి పోను దాదాపు 1.8 కోట్లు మిగులు, కాబట్టి కొనమన్నాడు.

"ఆ 10 ఎక్కణ్ణుంచి వచ్చింది రా?" అన్నాడు వరంగల్ కుర్రాడు.

ప్రశ్నలోనే ఉంది. ప్రభుత్వ బాండ్ల రాబడి 7 శాతం. షేర్ మార్కెట్ దానిపైన ఇచ్చే అదనం 6 శాతం. కంపెనీ బీటా 0.5, అంటే మార్కెట్ పది శాతం ఊగితే ఈ షేరు ఐదు శాతమే ఊగుతుంది. ఏడుకు ఆరులో సగం కలిపితే 10. మాంద్యం వచ్చినా కూరలో ఉప్పు వేయక తప్పదు కనుక బీటా అంత తక్కువ.

"మరి హోటల్ గదులు ఖాళీగా ఉండవా మామా?"

అక్కడ ఇద్దరూ ఆగిపోయారు. హోటల్ షేరు నేరుగా కొనేవాడు ఆ ఊగిసలాటకు తగ్గ రాబడి అడుగుతాడు. బయట ఉప్పు కంపెనీ బోర్డు వేలాడినంత మాత్రాన అతను తక్కువకు ఒప్పుకోడు. లిస్టయిన హోటల్ కంపెనీల బీటాలు తీసుకుని, వాటి అప్పుల వల్ల పెరిగిన భాగం తీసేసి, సగటు చూడాలి. ప్రశ్నలో ఆ సగటు 1.5 అని ఇచ్చారు. అప్పుడు రేటు 16 శాతం. 112ని 1.16తో భాగిస్తే 96.6 కోట్లే. అంటే సుమారు 3.4 కోట్లు నష్టం.

గుంటూరు కుర్రాడు అంత తేలిగ్గా వదల్లేదు. "ఈ కంపెనీకి బ్యాంకు 9 శాతానికే అప్పిస్తుంది కదా?" ఇస్తుంది. ఆ బ్యాంకు చూసేది ఉప్పు వ్యాపారం ధీమాని. హోటల్ తడబడితే ఆ భారం మోసేది వాటాదారులే.

కంపెనీ రేటు పనికిరాదని కాదు. ఇంకో ఉప్పు ఫ్యాక్టరీ కడితే 10 శాతమే సరి. పోల్చడానికి లిస్టయిన కంపెనీలే లేని కొత్త వ్యాపారమైతే మాత్రం ఈ పద్ధతి అంచనాగానే మిగులుతుంది.

ఇది పరీక్ష హాలుకే పరిమితమైన పొరపాటు కాదు. అమెరికాలో పలు వ్యాపారాలున్న కంపెనీలపై క్రూగర్, లాండియే, తెస్మార్ 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రధాన వ్యాపారం కన్నా రిస్కు ఎక్కువున్న విభాగాల్లోకి పెట్టుబడి ఎక్కువగా పారుతోందని తేలింది.