చిత్రంలోని నామఫలకం

కృత్రిమ మేధతో చిత్రాలు గీయించే పద్ధతి 2022లో సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. నీటిరంగుల చిత్రం వలెనో, పాత కథల పుస్తకాల బొమ్మల వలెనో దృశ్యాన్ని కోరితే, కొద్ది క్షణాలలో అది కంప్యూటర్ తెరపై ప్రత్యక్షమవుతుంది. చెట్లు, మేఘాలు, వాననీరు చూడముచ్చటగా ఉంటాయి. అయితే ఆ దృశ్యంలో ఒక దుకాణం బోర్డు గాని, రైల్వే స్టేషను పేరు గాని ఉన్నదంటే చిక్కు మొదలవుతుంది. దూరం నుండి అవి అక్షరాల వలెనే కనిపిస్తాయి. దగ్గరకు వెళ్ళి చూస్తే ఏ భాషకూ చెందని వంకరగీతలు!

ఇందుకు కారణం యంత్రం చిత్రాన్ని చూసే తీరులోనే ఉంది. మనిషి అక్షరాన్ని అక్షరంగా నేర్చుకుంటాడు. యంత్రం దానిని ఒక ఆకారంగా మాత్రమే ఎరుగును. పైగా స్టేబుల్ డిఫ్యూజన్ వంటి నమూనాలు చిత్రాన్ని ఉన్నదున్నట్లు గీయవు. పొడవులోను వెడల్పులోను 8 రెట్లు కుదించిన రూపంలో దానిని తయారుచేసి, చివరకు పెద్దది చేస్తాయి. 32 బిందువుల ఎత్తు గల అక్షరానికి ఆ కుదించిన రూపంలో లభించేది 4 గడులే. ఆంగ్లాక్షరాలు అందులో ఎలాగో ఇమిడిపోవచ్చు గాని, తలకట్టు, కొమ్ము, కింద ఒత్తు మోసే తెలుగు అక్షరం అంత చోటులో నిలువలేదు. పదిబిందువుల ఒత్తుకు ఒక గడి మాత్రమే దక్కుతుంది. ఇటీవలి నమూనాలు ఆంగ్లాన్ని చాలావరకు సరిగా రాస్తున్నాయి. తెలుగు వచ్చేసరికి మాత్రం తడబాటు తరచుగా కనిపిస్తూనే ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కళాశాల వార్షిక సంచిక ముఖచిత్రానికి, వానలో తడిసిన కొవ్వూరు రైల్వే స్టేషను బొమ్మ కావలసి వచ్చింది. గోదావరి వంతెన దాటే రైలు, తడి ప్లాట్‌ఫారం, పసుపు నామఫలకం అన్నీ నీటిరంగులలో అందంగా వచ్చాయి. ఫలకంపై ఉండవలసిన మూడు వరుసలు మాత్రం మూడు రకాల పిచ్చిగీతలుగా వచ్చాయి. అదే ఆదేశాన్ని మరల మరల ఇచ్చి, ఎప్పటికైనా సరైన పేరు వస్తుందని ఎదురుచూడడం వృథాశ్రమ. ప్రతిసారీ వంతెన కూడా మారిపోతుంది. ఫలకాన్ని ఖాళీ చేసి, పేరును చేత్తో టైపు చేయడమే ఉత్తమ మార్గం.

అంతకుముందు చేయవలసిన పని ఒకటి ఉంది. చిత్రాన్ని అచ్చుకు తగిన పరిమాణానికి ముందే పెంచుకోవాలి. పేరు రాసిన తరువాత చిత్రాన్ని యంత్రంతో పెద్దది చేయిస్తే, అది అక్షరాలను కూడా తన పద్ధతిలో తిరిగి గీసి మరల చెడగొడుతుంది. ఈ వరుస తప్పినందువల్ల పూర్తయిన పనిని మొదటినుండి చేయవలసి రావడం తరచుగా జరిగేదే.

తరువాతిది మాస్క్ వేయడం. మాస్క్ అంటే చిత్రంలో ఎంతమేర మార్చవచ్చునో చూపే ముసుగు. ముసుగు పడిన భాగం మారుతుంది, తక్కినది చెక్కుచెదరదు. అక్షరాల అంచుల వెంట ముసుగును బిగించి గీస్తే నల్లని మసక అంచులు మిగిలిపోతాయి. అక్షరాలకు చుట్టూ ఏడెనిమిది బిందువుల ఖాళీని కలుపుకొని, ఫలకపు చట్రాన్ని తాకకుండా ఆపాలి. చట్రం నిలిస్తేనే తరువాత పేరును ఏ వాలులో కూర్చాలో తెలుస్తుంది.

ముసుగు లోపలి భాగాన్ని నింపమని యంత్రానికి చెప్పేటప్పుడు ‘అక్షరాలు వద్దు’ అని ప్రధాన ఆదేశంలో రాయరాదు. అక్షరాలు అనే మాటే అక్షరాలను పిలుస్తుంది. కావలసినదానిని ఒక గడిలో, వద్దన్నదానిని దానికై కేటాయించిన వేరొక గడిలో రాయాలి.

```
plain yellow board, smooth watercolor wash
```

```
text, letters, writing
```

మొదటిది కోరేది, రెండవది నిషేధించేది. ఇక్కడే మార్పు తీవ్రతను నిర్ణయించే అంకె ఒకటి ఉంటుంది. దానిని 0.3 వద్ద ఉంచితే యంత్రం పాత గీతలనే ఆధారంగా తీసుకొంటుంది. చెరిపిన పలకపై సుద్దగీతల వలె పాత అక్షరాల నీడలు మిగులుతాయి. 0.8 లేదా అంతకు మించి ఉంచినప్పుడే ఫలకం శుభ్రపడుతుంది. నిజానికి ఇటువంటి చదునైన పసుపు ఫలకానికి యంత్రసాయం లేకపోయినా గడుస్తుంది. పక్కనున్న రంగును తీసుకొని కుంచెతో పూసినా సరిపోతుంది. వెనుక ఇటుకగోడయో, చెక్కపలకల చారలో ఉన్నప్పుడే యంత్రం అక్కరకు వస్తుంది.

ఇక పేరు రాయడం. గింప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫలకపు కొలతల నిష్పత్తిలో ఒక దీర్ఘచతురస్రం తీసుకొని, అందులో యూనికోడ్ ఫాంటుతో ‘కొవ్వూరు’ అని టైపు చేయాలి. కంటికి మూడక్షరాలుగా కనిపించే ఈ పేరు కంప్యూటర్‌కు ఎనిమిది సంకేతాల వరుస. వాటిని కూర్చి ఒత్తును వకారం కింద నిలిపే పని సాఫ్ట్‌వేర్‌ది. కొన్నింటిలో భారతీయ లిపుల అమరికను విడిగా ఎంచుకోవలసి ఉంటుంది. లేకుంటే పొల్లు విడిగా, వకారం విడిగా పడి పేరు ‘కొవ్‌వూరు’ అయిపోతుంది. అప్పుడు యంత్రం చేసిన తప్పును మనిషి మరల చేసినట్లే. ఫాంటు విషయంలోనూ ఔచిత్యం అవసరం. స్టేషను ఫలకంపై ఉండేవి బొద్దుగా, సమానమైన మందంతో ఉన్న అక్షరాలు. పెళ్లి శుభలేఖలకు వాడే వయ్యారపు అక్షరాలు అక్కడ పొసగవు. తెలుగు, హిందీ, ఆంగ్లం వరుసలను అదే క్రమంలో అమర్చిన తరువాత ఆ లేయర్‌కు ఒక నకలు తీసి దాచుకోవాలి. వాలు మార్చిన అక్షరాలను సాధారణంగా మరల దిద్దడం వీలుపడదు.

ఫలకం ప్లాట్‌ఫారం పక్కగా వాలి ఉన్నందున, దాని దూరపు అంచు కొంచెం చిన్నది. పెర్‌స్పెక్టివ్ పనిముట్టుతో లేయర్ నాలుగు మూలలను ఫలకపు నాలుగు మూలలపైకి జరిపితే, మూడు వరుసలూ ఒకేసారి ఆ వాలులో ఒదుగుతాయి. వరుసలను విడివిడిగా వంచితే అవి ఒకదానితో ఒకటి పొత్తు కుదరవు.

అయినా ఆ పేరు ఇంకా అతికించినట్లే కనిపిస్తుంది. చిత్రమంతా తడిసిన రంగులలో ఉండగా అక్షరాలు మాత్రం కత్తితో కోసినంత పదునుగా, కటిక నలుపులో ఉండడమే అందుకు కారణం. రైలుపెట్టె కింది నీడ నుండి ముదురు గోధుమవన్నె నలుపును తీసుకొని అక్షరాలకు వేయాలి. అంచులను ఒక బిందువు కంటె తక్కువగా మసకబరచాలి. అంతకు మించితే ఒత్తులు నిండిపోతాయి.

చాలామంది మరచిపోయేది ప్లాట్‌ఫారం మీది నీటిలో కనిపించే ప్రతిబింబం. ఫలకం పేరు మారినా నీటిలో పాత పిచ్చిగీతలే తలకిందులుగా మిగిలి ఉంటాయి. వాటిని కూడా ముసుగు వేసి చెరిపి, అక్షరాల లేయర్‌ను తలకిందులు చేసి, పలుచన చేసి, ఎక్కువగా మసకబరచి అక్కడ ఉంచాలి. దూరాన ఉన్న టీ దుకాణం బోర్డుకు ఇంత శ్రమ అవసరం లేదు. చదువబోని బోర్డుపై పేరు రాయడం కంటె దానిని ఖాళీగా వదలడమే మేలు.

అచ్చుకు పంపేముందు చిత్రాన్ని అసలు పరిమాణంలో కాగితంపై తీసి, దానిని ఇదివరకు చూడని ఒకరికి ఇచ్చి ఫలకాన్ని పైకి చదవమనాలి. పని చేసినవారి కళ్ళు రాయదలచుకున్నదే చూస్తాయి. కొత్తవారు తడుముకోకుండా ‘కొవ్వూరు’ అని చదివితే ముఖచిత్రం ముద్రణకు వెళ్ళవచ్చు.