కారుకయ్యే అసలు ఖర్చు ఈఎంఐలో కనిపించదు

షోరూములో మాటలన్నీ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి: నెలకు ఈఎంఐ ఎంత? ఆ సొమ్ము జీతంలో సర్దుకుంటుందనిపిస్తే చాలు, కారు మనకు అందుబాటులో ఉన్నట్టేనని ఇంటిల్లిపాదీ తీర్మానించుకుంటారు. ఈఎంఐ చెప్పేది నెలనెలా అప్పు ఎంత తీర్చాలో మాత్రమే. కారు మనకు ఎంత పడిందో తెలియాలంటే, కొన్న రోజు నుంచి అమ్మే రోజు దాకా పెట్టినదంతా కూడి, అమ్మినప్పుడు చేతికొచ్చింది అందులోంచి తీసేయాలి. ఒక మామూలు పెట్రోలు కారుకు ఐదేళ్లకు ఆ లెక్క వేసి చూద్దాం.

హైదరాబాద్‌లో ఎక్స్‌షోరూమ్ ధర 8.40 లక్షలున్న చిన్న కారు అనుకోండి. తెలంగాణలో ఈ ధర కార్లకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే దాదాపు 1.18 లక్షలు. మొదటి బీమా 38 వేలు, రిజిస్ట్రేషన్ వంటి చిల్లర ఖర్చులు కలిపితే ఆన్‌రోడ్ ధర 10 లక్షలకు చేరుతుంది. డౌన్‌పేమెంట్ 2 లక్షలు, మిగతా 8 లక్షలు అప్పు. ఇక్కడ బీమా, సర్వీసు, రీసేల్ అంకెలు ఉజ్జాయింపుగా తీసుకున్నవి. మీ కారుకు అంకెలు మారినా లెక్క వేసే తీరు ఇదే.

ముందు వడ్డీ సంగతి చూద్దాం. 9.5 శాతం వడ్డీకి ఐదేళ్ల గడువు పెట్టుకుంటే ఈఎంఐ 16,800, మొత్తం వడ్డీ 2.08 లక్షలు. అదే అప్పును ఏడేళ్లకు సాగదీస్తే ఈఎంఐ 13,075కు దిగుతుంది. నెలకు 3,700 మిగిలాయని సంబరపడతాం గానీ, మొత్తం వడ్డీ దాదాపు 3 లక్షలవుతుంది. పైగా ఐదేళ్ల తర్వాత కారు అమ్మాలనుకుంటే బ్యాంకుకు ఇంకా 2.85 లక్షలు బాకీ ఉంటాం. అమ్మిన డబ్బులో ముందు బ్యాంకు వాటా పోతుంది, మిగిలిందే మనది. ‘ఆరు శాతమే వడ్డీ’ అని ఎవరైనా చెబితే అది ఫ్లాట్ రేటా, తగ్గే బాకీ మీద రేటా అని తప్పకుండా అడగండి. ఫ్లాట్ రేటులో తీర్చేసిన అసలు మీద కూడా చివరిదాకా వడ్డీ పడుతూనే ఉంటుంది. ఐదేళ్ల అప్పుకు 6 శాతం ఫ్లాట్ అంటే, బ్యాంకులు మామూలుగా చెప్పే లెక్కలో దాదాపు 10.85 శాతంతో సమానం.

ఇక పెట్రోలు. ఏడాదికి 12 వేల కిలోమీటర్ల చొప్పున ఐదేళ్లకు 60 వేలు. కంపెనీ చెప్పే మైలేజీ ఎంతైనా, సిగ్నళ్ల మధ్య ఏసీ వేసుకుని నడిపితే లీటరుకు 15 కిలోమీటర్లు వస్తాయనుకుందాం. లీటరు 107 రూపాయల చొప్పున 4 వేల లీటర్లకు 4.28 లక్షలు. మీ కారు నిజమైన మైలేజీ కావాలంటే ట్యాంకు నిండా కొట్టించి, రీడింగు రాసుకోండి. మళ్లీ నిండా కొట్టించినప్పుడు, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి.

బీమాలో మొదటి ఏడాది ప్రీమియం ఆన్‌రోడ్ ధరలో కలిసిపోయి, ఎక్కువనిపించదు. కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమా మూడేళ్లకు ఒకేసారి తప్పనిసరి కాబట్టి ఆ మొత్తం కాస్త పెద్దదిగానే ఉంటుంది. దాన్ని డీలర్ దగ్గరే తీసుకోవాలన్న నిబంధన మాత్రం లేదు. బయట కూడా ధర అడిగి చూడండి. తర్వాతి నాలుగేళ్ల రెన్యువల్స్‌కు సగటున 15 వేల చొప్పున 60 వేలు వేసుకుందాం. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏడాదికి సొంత డ్యామేజీ ప్రీమియంలో 20 శాతం తగ్గింపు వస్తుంది. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే అది 50 శాతానికి చేరుతుంది. బంపరుకు చిన్న గీత పడిందని క్లెయిమ్ చేస్తే ఈ నో క్లెయిమ్ బోనస్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అందుకే మూడు నాలుగు వేల రిపేరు చేతి డబ్బుతో చేయించుకోవడమే చాలాసార్లు లాభం. ఈ బోనస్ కారుది కాదు, యజమానిది. కారు అమ్మేటప్పుడు బీమా కంపెనీ నుంచి ధ్రువపత్రం తీసుకుంటే కొత్త కారుకు వాడుకోవచ్చు.

సర్వీసులు, ఒక సెట్టు టైర్లు, ఒక బ్యాటరీ కలిపి ఐదేళ్లకు 75 వేలు అనుకుందాం. ఇంతవరకూ పెట్టిందంతా కూడితే 17.71 లక్షలు.

ఇప్పుడు అమ్మకం. ఐదేళ్ల తర్వాత ఈ కారుకు 4.40 లక్షలు వచ్చాయనుకుందాం. 10 లక్షలు పెట్టి కొన్నదానిలో 5.60 లక్షలు కరిగిపోయాయన్నమాట. మొత్తం ఖర్చులో అన్నిటికన్నా పెద్దది ఇదే, పెట్రోలు కన్నా ఎక్కువ. దీనికి బిల్లు రాదు కాబట్టి ఎవరి కంటా పడదు. ఇందులో లైఫ్ ట్యాక్స్, మొదటి బీమా కలిపి లక్షన్నర పైచిలుకు మొదటి రోజే పోయింది. పాత కారు కొనేవాడు ఆ సొమ్ము విడిగా కట్టివ్వడు. కొత్త కారు ధర తగ్గినా పాతదాని విలువ పడిపోతుంది. 2025 సెప్టెంబర్ 22న చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను, సెస్సుతో కలిపి 29 శాతం నుంచి 18 శాతానికి దిగింది. కొత్తది చవకైతే పాతదానికి మునుపటి ధర ఎవరిస్తారు?

కొన్ని విషయాలు మాత్రం మన చేతిలో ఉన్నాయి. డిసెంబరులో భారీ తగ్గింపు ఇస్తున్నారంటే, కొత్త సంవత్సరంలో ఆ కారు ‘పోయినేడు తయారైనది’ అవుతుందని గుర్తుంచుకోండి. అమ్మేటప్పుడు బేరం ఆ ఏడాదిని పట్టుకునే మొదలవుతుంది. సర్వీసు బిల్లులన్నీ దాచుకోండి. అప్పు తీరగానే బ్యాంకు నుంచి ఎన్ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించండి. కారు ఇచ్చేశాక ఆర్‌సీ కొన్నవారి పేరుకు మారిందో లేదో చూసుకోండి. రికార్డులో మీ పేరే ఉంటే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత మీ మీదికే వస్తుందని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది.

17.71 లక్షల్లోంచి 4.40 లక్షలు తీసేస్తే ఐదేళ్ల అసలు ఖర్చు 13.31 లక్షలు. అంటే నెలకు 22 వేల పైన, కిలోమీటరుకు 22 రూపాయలు. అదే కారు ఏడాదికి 6 వేల కిలోమీటర్లే తిరిగితే? పెట్రోలు సగమవుతుంది, సర్వీసు ఖర్చు 60 వేలకు తగ్గుతుంది, రీసేల్ 4.70 లక్షలు వస్తుందనుకుందాం. వడ్డీ, పన్ను, బీమా మాత్రం ఒక్క రూపాయి తగ్గవు. మొత్తం 10.72 లక్షలు, కిలోమీటరుకు దాదాపు 36 రూపాయలు! గేటు దగ్గర కదలకుండా ఉన్న కారు కూడా ఖర్చు పెట్టిస్తూనే ఉంటుంది.

అందుకే షోరూముకు వెళ్లే ముందు రెండు అంకెలు కాగితం మీద పెట్టండి: మీరు ఏడాదికి నిజంగా ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, ఇప్పుడు క్యాబులు, ఆటోలకు ఎంత పెడుతున్నారు. వృద్ధులైన తల్లిదండ్రులు, వానలో బడి నుంచి వచ్చే పిల్లలు, రాత్రివేళ ఆసుపత్రి అవసరం వంటివి లెక్కకు అందవు. వాటి కోసం ఖర్చు ఎక్కువైనా కారు కొనడం న్యాయమే. కానీ ఎంత ఎక్కువ ఇస్తున్నామో తెలిసి కొనాలి. ఆ అంకె భారమనిపిస్తే మూడేళ్ల పాత కారు చూడండి, లేదా కొత్తదే కొని ఐదేళ్లకు బదులు ఎనిమిదేళ్లు వాడుకోండి. కారు విలువ ఎక్కువగా పడిపోయేది మొదటి ఏళ్లలోనే కాబట్టి, ఈ రెండు దారుల్లోనూ అన్నిటికన్నా పెద్ద ఖర్చే తగ్గుతుంది.