పాఠశాల వార్షిక నివేదికలో ప్రధానోపాధ్యాయుని విభాగం: అంకెల పొందిక

ఈ విభాగంలో సాధారణంగా ఫలితాలు, కార్యక్రమాలు, ఆర్థిక వివరాలు అనే మూడు భాగాలుంటాయి. వీటిని వేర్వేరు రికార్డుల నుండి విడివిడిగా రాయడం వల్ల అంకెలు పరస్పరం పొసగవు.

ఉదాహరణకు, ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల పదవ తరగతిలో 60 మంది నమోదై, 54 మంది పరీక్ష రాసి, 48 మంది ఉత్తీర్ణులయ్యారనుకుందాం. పరీక్ష రాసినవారిలో ఉత్తీర్ణత 88.9 శాతం, నమోదైనవారిలో 80 శాతం. మొదటి శాతాన్ని మాత్రమే ప్రకటిస్తే, పరీక్షకు రాని ఆరుగురు విద్యార్థులు నివేదిక నుండే అదృశ్యమవుతారు. అందువల్ల మూడు సంఖ్యలనూ ఇచ్చి, వారి గైర్హాజరుకు కారణాన్ని పేర్కొనాలి.

కార్యక్రమాలను ఖర్చుల పద్దులతో సరిచూడాలి. సమగ్ర శిక్షా మార్గదర్శకాల ప్రకారం పాఠశాల గ్రాంటులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు వెచ్చించాలి. 50,000 రూపాయల గ్రాంటులో ఇది 5,000. పరిశుభ్రతా కార్యక్రమాన్ని వర్ణించి, ఈ పద్దును చూపకపోతే వర్ణనకు ఆధారముండదు.

ప్రారంభ నిల్వ 4,000, జమ 50,000, ఖర్చు 46,000 అయితే ముగింపు నిల్వ 8,000. మార్చి 31 నాటికి పాస్‌బుక్కులో 11,000 కనిపిస్తే, చెల్లింపు కాని 3,000 రూపాయల చెక్కు కారణం కావచ్చు. ఆ చెక్కు వివరాన్ని నివేదికలో రాయాలి. వ్యత్యాసాన్ని సరిపెట్టడానికి ఖర్చు అంకెను మార్చరాదు.