సీజన్‌లోగా అన్నీ కావు: పసుపు యార్డుకు మాస్కో పద్ధతి

ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు తవ్వకాలు సంక్రాంతికి అటూ ఇటూగా జోరందుకుంటాయి. తవ్విన దుంపను ఉడకబెట్టి, కళ్లంలో ఆరబోసి, డ్రమ్ములో పాలిష్ పట్టాక బస్తాలకెత్తుతారు. జనవరి చివరి నుంచి కొత్త సరుకు మార్కెట్‌కు రావడం మొదలవుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రద్దీగా ఉంటుంది. ఏప్రిల్ దాటాక పలచబడుతుంది. అందుకే పసుపు యార్డు కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేసే బృందానికి గడువు పొడిగించుకునే వీలుండదు. నెల ఆలస్యమైతే రద్దీ రోజులు సగం పోతాయి. మిగిలిన సగం కోసం నడి సీజన్‌లో పద్ధతి మార్చుకోవడానికి అడ్తిదారులూ ఒప్పుకోరు, ఖరీదుదారులూ ఒప్పుకోరు.

గడువు కదలదు. మనుషులు పెరగరు. అడిగిన పనులు మాత్రం పట్టేదానికంటే ఎక్కువ. అప్పుడు దేన్ని వదలాలో తేల్చుకునేందుకు సాఫ్ట్‌వేర్ రంగంలో మాస్కో అనే పద్ధతి ఉంది. దీన్ని 1994లో డై క్లెగ్ రూపొందించారు. అప్పట్లో ఆయన ఒరాకిల్ సంస్థ బ్రిటన్ విభాగంలో పనిచేసేవారు. తర్వాత ఇది డీఎస్‌డీఎం (గడువును, ఖర్చును కదల్చకుండా పని పరిమాణాన్ని మార్చుకునే విధానం)లో భాగమైంది. రష్యా రాజధానికీ దీనికీ సంబంధం లేదు. ఎం, ఎస్, సి, డబ్ల్యూ అనే నాలుగు అక్షరాల మధ్య, పలకడానికి వీలుగా రెండు ‘ఓ’లు చేర్చారు, అంతే.

ఆ నాలుగు అక్షరాలు నాలుగు గంపలు. మస్ట్ అంటే తప్పనిసరి. షుడ్ అంటే ముఖ్యమే కానీ, లేకపోతే ఇబ్బంది పడుతూనైనా నెట్టుకురాగలిగేది. కుడ్ అంటే ఉంటే మేలు. వోంట్ అంటే ఈసారి కాదు. ఇంతవరకూ ఎవరైనా చెప్పేస్తారు. అసలు కష్టం ఏ పని ఏ గంపలో పడాలన్న దగ్గర మొదలవుతుంది. ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా లెక్క వేసి చూద్దాం.

ఆర్మూర్‌లోని ఒక పసుపు యార్డుకు నలుగురు సభ్యుల బృందం సాఫ్ట్‌వేర్ రాస్తోందనుకుందాం. నవంబర్ నడుమ మొదలుపెడితే జనవరి చివరికి పది వారాలు. వారానికి ఐదు రోజుల చొప్పున నలుగురికి 200 పనిదినాలు (ఒక మనిషి ఒక రోజు చేసే పని). యార్డు వాళ్లు అడిగినవన్నీ రాసి, ఒక్కోదానికి ఎన్ని రోజులు పడుతుందో అంచనా వేస్తే 310 వచ్చాయి. అంటే 110 పనిదినాల పని ఎలాగూ పట్టదు. ఏది పట్టదో ఇప్పుడే తేల్చుకోవచ్చు, లేదా జనవరి ఇరవయ్యో తారీఖున దానంతటదే తేలుతుంది. రెండో దారిలో మిగిలిపోయేది ముఖ్యం కానిది కాదు, వరుసలో చివరికి పడింది.

మొదటి సమావేశంలో అన్నీ తప్పనిసరి అంటారు. ఇది ఎక్కడైనా జరిగేదే. ‘ఇది ముఖ్యమా?’ అని అడిగితే అవునని తప్ప వేరే జవాబు రాదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరు. ఇది లేకపోతే ఆ రోజు యార్డు తెరుస్తామా, తెరవమా? తెరవలేం అంటేనే తప్పనిసరి. కాగితం మీద రాసుకునో, ఫోన్ చేసి చెప్పో పని వెళ్లదీయగలిగితే, ఎంత చికాకైనా అది తప్పనిసరి కాదు.

ఈ ప్రశ్న పట్టుకుని జాబితా దగ్గరికి వెళ్దాం. రైతు బండి గేటు దగ్గరికి రాగానే పేరు, ఊరు, అడ్తి, బస్తాల లెక్క రాసి ఆ సరుకుకు ఒక లాట్ నంబర్ ఇవ్వాలి. ఆ నంబర్ లేకపోతే ఖరీదుదారు దేనికి ధర వేస్తాడు? ఇది తప్పనిసరి, 25 రోజులు. టెండర్, అంటే ఖరీదుదారులు ఒకరిది ఒకరికి తెలియకుండా ధరలు వేయడం, సమయం ముగిశాక అందరికన్నా ఎక్కువ ధర ఎవరిదో ప్రకటించడం తప్పనిసరి. ఇది పెద్ద పని, 45 రోజులు. కాంటా అయ్యాక తూకం నమోదు చేయడం 15 రోజులు. కోతలన్నీ పోను రైతు చేతికి ఎంత వస్తుందో చూపే తక్‌పట్టీ 30 రోజులు. మొత్తం 115.

తూకం దగ్గర కాసేపు ఆగాలి. యార్డు అడిగింది రెండు పనులు కలిపి ఒకటిగా: ఎలక్ట్రానిక్ కాంటా నుంచి బరువు నేరుగా కంప్యూటర్‌లోకి రావాలని. దాన్ని విడదీస్తే లోపల రెండు వేర్వేరు పనులు కనిపిస్తాయి. బరువు సాఫ్ట్‌వేర్‌లోకి చేరాలి, లేకుంటే తక్‌పట్టీ రాదు. అది తప్పనిసరి. కానీ దడ్వాయి చీటీ మీద రాసిచ్చిన అంకెను గుమస్తా టైపు చేసినా బరువు చేరుతుంది. కాంటాకు వైరు కలపడానికి మాత్రం మరో 35 రోజులు కావాలి. మాస్కోలో సగం నేర్పు ఈ విడదీయడంలోనే ఉంది. ఒక పెద్ద కోరికను అలాగే ఎత్తి ఏదో ఒక గంపలో వేయకూడదు. దాన్ని చీల్చి చూస్తే, తప్పనిసరి భాగం మనం అనుకున్నదానికంటే చిన్నదని తరచూ తేలుతుంది.

ముఖ్యమే కానీ తప్పనిసరి కానివి మూడు తేలాయి. ఖరీదుదారు లైసెన్స్ తనిఖీ 10 రోజులు. దీనికి ఈ ఏడాదికి గోడ మీద అంటించిన జాబితా చాలు. మార్కెట్ ఫీజు రిజిస్టర్ 20 రోజులు. యార్డు కార్యదర్శి దీన్ని వదులుకోవడానికి సులువుగా ఒప్పుకోడు, అది మార్కెట్ ఆదాయం కదా. అయినా తక్‌పట్టీల నకళ్లు ఉంటే సాయంత్రం కూర్చుని రాసుకోవచ్చు. రైతుకు ధర మెసేజ్‌గా పంపడం 10 రోజులు. మొత్తం 40.

ఉంటే మేలు గంపలో రెండున్నాయి. ల్యాబ్‌లో తేమ కొలిచి ఆ వివరం లాట్‌తో కలిపి చూపడం 30 రోజులు. రోజువారీ ధరల గ్రాఫ్ 15 రోజులు. తేమ వివరం ఈ గంపలో ఉందేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. పసుపు ధర తేమను బట్టే కదా! నిజమే. కానీ ఖరీదుదారు రాశి దగ్గరికొచ్చి కొమ్మును విరిచి చూస్తాడు. బాగా ఎండిన కొమ్ము లోహం మోగినట్టు టక్కున విరుగుతుంది, పచ్చి ఉంటే వంగుతుంది. ల్యాబ్ అంకె తెరమీద లేకపోయినా ఈ సీజన్‌లో బేరం ఆగదు. రాశిని చూడకుండా దూరం నుంచి కొనేవాళ్లు వచ్చిన రోజున ఇదే తప్పనిసరి అవుతుంది. ఒక పని స్థానం ఈ గడువుకు, ఈ వాడుకదారులకు మాత్రమే వర్తిస్తుంది.

మిగిలినవి మూడు: కాంటాకు వైరు 35, రైతుల మొబైల్ యాప్ 40, బ్యాంకు ఖాతాకు నేరుగా చెల్లింపు 35. మొత్తం 110. ఇవి ఈసారి కాదు.

ఇప్పుడు 115, 40, 45 కలిపితే సరిగ్గా 200. తప్పనిసరి పనులకు పట్టేది మొత్తంలో 57 శాతం పైచిలుకు. ఈ శాతాన్ని చూడటం ఎందుకంటే, తప్పనిసరి పనులు మొత్తం శ్రమలో 60 శాతం దాటకూడదని, ఉంటే మేలు పనులకు 20 శాతం మేర ఉంచుకోవాలని డీఎస్‌డీఎం సలహా. ఇది పనుల సంఖ్యలో శాతం కాదు, పట్టే రోజుల్లో శాతం. చాలామంది పది అంశాల్లో ఆరు తప్పనిసరి అని లెక్కేసుకుని సంతృప్తి పడతారు. ఆ ఆరే 90 శాతం రోజులు తినేస్తుండవచ్చు.

ఆ 20 శాతం ఏమిటో అర్థమైతే పద్ధతి అర్థమైనట్టే. పైకి అది అలంకారాల జాబితాలా కనిపిస్తుంది. నిజానికి అది గడువుకు రక్షణ. అంచనాలు తప్పుతాయి. తప్పినప్పుడు రోజులు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి. అవి ఎక్కడి నుంచి వస్తాయో ముందే రాసి పెట్టుకోవడమే ఈ గంప పని.

మన బృందానికి ఆరో వారంలో రెండు దెబ్బలు తగిలాయనుకోండి. ఒకే సమయానికి వంద లాట్ల టెండర్ తెరిస్తే లెక్క తప్పుతోందని, దాన్ని సరిచేయడానికి 17 రోజులు కావాలని తేలింది. రెండోది ఇంకా ఆసక్తికరం. ధర నచ్చకపోతే రైతు అమ్మనని చెప్పే బటన్ ఎక్కడా లేదు. ప్రకటించిన ధర నచ్చకపోతే సరుకు ఉంచుకునే హక్కు రైతుది. సమావేశాల్లో కార్యదర్శి, అడ్తిదారులు, ఖరీదుదారులు ఉన్నారు, రైతు లేడు. అందుకే ఎవరికీ గుర్తు రాలేదు. ఇది లేకుండా మొదటి రోజే యార్డులో గొడవ అవుతుంది. కాబట్టి తప్పనిసరి, 8 రోజులు. మొత్తం 25 రోజులు ఎక్కువ పడ్డాయి. ఉంటే మేలు గంపలోంచి ల్యాబ్ వివరం తీసేస్తే 30 రోజులు వస్తాయి. గడువు కదల్లేదు, తక్‌పట్టీ ఆగలేదు, ఐదు రోజులు మిగిలాయి. ఆ గంపే లేకపోయి ఉంటే ఆ 25 రోజులు పరీక్షల సమయంలోంచి కోసేవారు. తక్‌పట్టీలో తప్పు లెక్క ఫిబ్రవరిలో రైతు చేతిలో బయటపడేది.

ఈసారి కాదు అనే గంపను చాలా బృందాలు ఖాళీగా ఉంచుతాయి. మొహమాటం. మొబైల్ యాప్ రాదని పాలకవర్గం ముఖం మీద చెప్పడం ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ నవంబర్‌లో చెబితే అది ఒక నిర్ణయం, ఫిబ్రవరిలో చెబితే అది వైఫల్యం. పైగా వదిలేసింది కాగితం మీద ఉంటే, నడుమ ఎవరైనా వచ్చి ‘చిన్నదే కదా, కలపండి’ అన్నప్పుడు చూపించడానికి ఆధారం ఉంటుంది. నా అనుభవంలో ఈ గంప ఖాళీగా ఉందంటే ఆ ప్రణాళికను ఇంకా ఎవరూ నిజంగా చదవలేదని అర్థం.

పద్ధతికి హద్దులున్నాయి. తప్పనిసరి పనులే 200 దాటితే ఇది ఏమీ చేయలేదు. అప్పుడు పని పరిధినే కుదించాలి: యార్డుకు మక్కలు, సోయా కూడా వస్తుంటే వాటిని పక్కనపెట్టి పసుపు ఒక్కటే, అందులోనూ కొమ్ము, గోళ రకాలే అనుకోవాలి. తప్పనిసరి పనుల్లో ఏది ముందు చేయాలో కూడా ఇది చెప్పదు. ఇక్కడ టెండర్ అన్నిటికన్నా పెద్ద పని, తప్పే అవకాశమూ దానికే ఎక్కువ. కాబట్టి దాన్నే ముందు ఎత్తుకోవాలని బృందం తన బుద్ధితో తేల్చుకోవాలి.

ఇదే వరుస పెద్ద ఎత్తున ఎలా నడుస్తుందో చూడాలంటే జాతీయ వ్యవసాయ మార్కెట్, అంటే ఈ-నామ్‌ను గమనించవచ్చు. అది 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాల్లోని 21 మార్కెట్లతో మొదలైంది. వాటిలో నిజామాబాద్ ఒకటి. మాస్కో పేరు పెట్టుకుని చేశారని కాదు గానీ, ఏది ఎప్పుడొచ్చిందో చూస్తే గంపలు కనిపిస్తాయి. గేటు నమోదు, లాట్, ధరలు వేయడం, తూకం, బిల్లు అనే గొలుసు ముందు నిలబడింది. 585 మార్కెట్లను కలపడానికి 2018 మార్చి దాకా సమయం తీసుకున్నారు. భీమ్ ద్వారా చెల్లింపు, మెరుగుపరిచిన మొబైల్ యాప్, ఫిర్యాదుల ఏర్పాటు 2018 ఫిబ్రవరిలో వచ్చాయి. గోదాములోని సరుకును యార్డుకు తేకుండానే అమ్మే ఏర్పాటు 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ లాక్‌డౌన్ రోజుల్లో వచ్చింది. జనం యార్డులో గుమికూడకూడదన్న పరిస్థితి రావడంతో, అంతకుముందు ఆగగలిగిన పని ఒక్కసారిగా ముందుకు వచ్చింది.

మన యార్డులోనూ మే నెలలో జాబితా మళ్లీ తెరవాలి. ఈసారి కాదు అన్న మూడూ వరుసగా పైకి రావు. సీజన్ అంతా టైపు చేసిన తూకాల్లో తప్పులు దొర్లి, దడ్వాయి చీటీకీ తక్‌పట్టీకీ తేడాలు వచ్చాయని రికార్డు చూపితే, కాంటా వైరు ముందుకొస్తుంది. తేడాలు రాకపోతే దాన్ని మరో ఏడాది అక్కడే ఉంచవచ్చు. ఆ 35 రోజులు బ్యాంకు చెల్లింపుకు సరిగ్గా సరిపోతాయి.