వికటకవిని పైథాన్ తిరగేస్తే

వికటకవి అన్న మాటను ఎటునుంచి చదివినా ఒకేలా ఉంటుందని తెలుగు పిల్లలకు కూడా తెలుసు. ఆ సంగతిని పైథాన్‌తో సరిచూడాలంటే మాటను తిరగేసి, మొదటిదానితో పోల్చాలి. తిరగేయడానికి స్లైసింగ్ చాలు.

చదరపు బ్రాకెట్లలో కోలన్లతో విడదీసి మూడు సంఖ్యలు రాస్తాం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి, అడుగు ఎంత. స్థానాల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఆగమన్న చోట ఉన్నది ఫలితంలోకి రాదు. అడుగు `-1` అయితే నడక వెనక్కి సాగుతుంది. మొదటి రెండూ రాయకుండా వదిలేస్తే, అడుగు ఎటు పడుతోందో చూసి పైథానే వాటిని తేల్చుకుంటుంది. వెనక్కి నడిచేటప్పుడు చివరి నుంచి మొదలుపెట్టి, మొదటిది కూడా తీసుకుని ఆగుతుంది.

```python
mata = "వికటకవి"
print(mata == mata[::-1])   # False
```

జవాబు తప్పొచ్చిందేమిటి? మనకు కనిపించేవి అయిదు అక్షరాలు. యూనికోడ్‌లో మాత్రం గుడి వేరే సంకేతం. అందుకే `len(mata)` అడిగితే 7 అంటుంది. ఆ ఏడింటినీ ఒక్కొక్కటిగా తిరగేయడంతో చివరి ‘వి’ గుడి ఏ అక్షరానికీ అంటకుండా ముందుకొస్తుంది. మొదటి ‘వి’ గుడి వెళ్లి ‘క’కు తగులుకుని ‘కి’ అవుతుంది. తెర మీద మాట మొదట్లో ఒంటరి గుణింతపు గుర్తు కనబడితే జరిగింది ఇదేనని పోల్చుకోవచ్చు.

అక్షరాలను లిస్టుగా పెడితే చిక్కు విడిపోతుంది. లిస్టు తన అంశాల వరుసనే మారుస్తుంది, అంశం లోపలికి వెళ్లదు.

```python
a = ["వి", "క", "ట", "క", "వి"]
print(a == a[::-1])   # True
```

అయితే `list(mata)` అని రాస్తే ఈ లిస్టు రాదు, మళ్లీ ఏడు ముక్కలే వస్తాయి. అక్షరాలను మనమే విడదీసి ఇవ్వాలి.

ఇక మొదటి మూడు అక్షరాలనే తిరగేయాలనుకుందాం. ‘ట’ స్థానం 2. అక్కడి నుంచి వెనక్కి రావాలి.

```python
a[2:0:-1]    # ['ట', 'క']
a[2:-1:-1]   # []
a[2::-1]     # ['ట', 'క', 'వి']
```

మొదటి వరుసలో ఆగే చోటు సున్నా అన్నాం కాబట్టి ‘వి’ జారిపోయింది. సున్నాకు ముందు `-1` కదా అని రెండో వరుస రాస్తే లిస్టు ఖాళీగా వచ్చింది. స్థానం చెప్పేటప్పుడు `-1` అంటే చివరి అంశం. అది 2కు కుడివైపున ఉంది, వెనక్కి నడిచి అక్కడికి చేరలేం. పైథాన్ తప్పని కూడా చెప్పదు, ఖాళీ లిస్టు ఇచ్చి ఊరుకుంటుంది. మొదటి అంశం కూడా కావాలంటే ఆగే చోటును మూడో వరుసలోలా రాయకుండా వదిలేయడమే తేలికైన దారి.

స్లైస్ కొత్త లిస్టును ఇస్తుంది, `a` ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. కాబట్టే తిరగేసినదాన్ని అసలుతో పోల్చగలిగాం. `a.reverse()` మాత్రం అసలు లిస్టునే తిప్పేస్తుంది, బదులుగా ఇచ్చేది `None`. పోల్చి చూసే పనికి అది పనికిరాదు.